మంచి కుటుంబం వాళ్ళ పిల్లవాడి పక్కటెముకలు

ఎక్స్‌రేలు చదివే డాక్టర్లకి ఒక కవచం ఉంది. ప్రతి రిపోర్టు చివరా "రోగి లక్షణాలతో సరిపోల్చుకోగలరు" అని ఒక ముక్క రాసి పడేస్తాం. నాకు కనిపించింది చెప్పాను, ఆపైన మీ ఖర్మ అని దాని అర్థం. ఆ ముక్క చాటున మా జాతి మొత్తం హాయిగా బతికేస్తోంది. చీకటి గదిలో కూర్చుంటాం, రోగి మొహం చూడం, రోగి వాళ్ళ అత్తగారి మొహం అసలే చూడం. ఈ ఉద్యోగంలో నాకు నచ్చినది అదే. కానీ రాజమండ్రిలో నేను పనిచేసే ప్రైవేటు ఆసుపత్రిలో ఒక అయిదు నెలల పిల్లవాడి విషయంలో ఆ కవచం నన్ను కాపాడలేదు సరికదా, కూర్చున్న కుర్చీలోంచి లేపి అత్తగారి ముందు నిలబెట్టింది.

మా ఎముకల డాక్టరు గారు ఆ పిల్లవాడిని ఎడమ తొడకి ఎక్స్‌రే తీయమని పంపారు. ఆయనది ఒకటే సిద్ధాంతం. చీటీలో ఏ ఎముక పేరు ఉంటే అదే ఎముక, దాని పక్కింటి ఎముకతో ఆయనకి మాటల్లేవు. తొడ ఎముక మధ్యలో విరిగింది. కొత్త విరుపు. విరిగినచోట అంచులు పదునుగా ఉన్నాయి, చుట్టూ కొత్త ఎముక పోసుకున్న జాడ ఏమీ లేదు. పిల్లవాడు ఇంకా పాకడం లేదు. నిలబడడం, నడవడం సంగతి అడగనే అక్కర్లేదు. ఇలాంటివాడికి తొడ ఎముక ఎలా విరిగిందీ అంటే, కొవ్వూరు నుంచి వచ్చిన ఆ కుటుంబం ఎముకల డాక్టరు గారికి మంచం మీంచి దొర్లి పడ్డాడని చెప్పింది. మా టెక్నీషియన్‌కి ఉయ్యాల తాడులో కాలు ఇరుక్కుందని చెప్పింది. నేను వెళ్ళి అడిగితే ఏం చెబుతారో విందామని సరదా పుట్టింది, కానీ ఆపుకున్నాను.

తొడ ఎముక ఒక్కటే అయితే నేనూ బల్ల గుద్ది చెప్పలేను. ఎత్తునుంచి పడితే విరగదని ఎవరంటారు? కానీ నన్ను పట్టి ఆపింది తొడ కాదు, అదే బొమ్మలో కింద మోకాలి దగ్గర కనిపించిన ఒక చిన్న తునక. ఎముక ఎదిగే చివర, మూలన, గోరు చివర విరిగినట్టు ఒక పలచటి పెచ్చు లేచి ఉంది. పసిపిల్లల కాలో చెయ్యో పట్టుకుని గట్టిగా మెలిపెట్టినా, గుంజినా, పిల్లని పట్టుకుని ఊపేసినా అలా లేస్తుంది. మంచం మీంచి పడితే లేవదు. ఎముకల డాక్టరు గారికి ఫోన్ చేసి చెప్పాను.

"అది నాకూ కనపడింది మేడం. చిన్నదే కదండీ, దానికి వైద్యం ఏమీ అక్కర్లేదు" అన్నారు.

నిజమే, ఆ పెచ్చుకి వైద్యం అక్కర్లేదు. అది దానంతటదే మానుతుంది. ఆ కాలు మెలిపెట్టిన చెయ్యి ఎవరిదో, దానికి అక్కర్లేదా మహానుభావా? ఈ మాట నేను ఫోన్ పెట్టేశాక అన్నాను. పెద్దగానే అన్నాను.

పిల్లవాడి ఒంట్లో ఉన్న ఎముకలన్నిటికీ బొమ్మలు తీయమన్నాను. దీన్ని స్కెలిటల్ సర్వే అంటాం. రెండేళ్ళ లోపు పిల్లల్లో ఇలాంటి అనుమానం వస్తే చేసి తీరవలసిందే. ఎందుకంటే వాళ్ళు ఎక్కడ నొప్పో చెప్పలేరు, పైకి చర్మం మీద కమిలినట్టు కూడా ఉండదు. మా టెక్నీషియన్ పాతికేళ్ళ అనుభవం ఉన్నవాడు. నేను కాఫీ తాగి వచ్చేసరికి పని అయిపోయిందన్నాడు. ఇంత తొందరగానా అని చూస్తే, తెర మీద పిల్లవాడు తల నుంచి పాదం దాకా ఒకే బొమ్మలో చేతులు చాపుకుని పడుకుని ఉన్నాడు.

"చిన్నోడే కదండీ, ఒక్క ప్లేటులో వచ్చేసాడండి" అన్నాడు, మెప్పు కోసం చూస్తూ. "ఇన్నిసార్లు రేడియేషన్ ఎందుకని."

మనిషి మంచివాడు, బుద్ధే పొదుపు బుద్ధి. నేను పాస్‌పోర్టు ఫొటో అడిగితే పెళ్ళిలో గ్రూప్ ఫొటో తెచ్చి ఇచ్చినట్టుంది. అందరూ ఉంటారు, ఎవరి మొహమూ తెలియదు. కిరణాలు బొడ్డు దగ్గర నిటారుగా పడి, మోకాళ్ళ దగ్గరికీ చేతుల దగ్గరికీ వచ్చేసరికి ఏటవాలుగా సాగిపోతాయి. నేను వెతికే వెంట్రుకంత విరుపు అందులో అలుక్కుపోతుంది. అలాంటి బొమ్మ చూసి "అంతా బాగుంది" అని రాసేవాడికి మనశ్శాంతి దక్కుతుంది. పిల్లవాడికి ఇల్లు దక్కుతుంది, అదే ఇల్లు.

నేనే సీసం కోటు తగిలించుకుని లోపలికి వెళ్ళాను. తల ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి. ఛాతీ ఎదురుగా, పక్కనుంచి, ఆపైన రెండు వైపులా ఏటవాలుగా, ఎందుకంటే పక్కటెముకలు వెనక్కి తిరిగేచోట విరిగితే ఎదురు బొమ్మలో కనిపించకుండా దాక్కుంటాయి. వెన్ను, నడుము. ప్రతి చెయ్యీ, ప్రతి కాలూ విడివిడిగా, అరచేతులూ పాదాలూ కూడా. ఇరవై దాటాయి బొమ్మలు. టెక్నీషియన్ మొహం మాడ్చుకున్నా పని మాత్రం చక్కగా చేశాడు.

పిల్లవాడిని పట్టుకోవడానికి వాళ్ళమ్మ కూడా సీసం కోటు వేసుకుని లోపలే ఉంది. జంగారెడ్డిగూడెం వైపు మేష్టారి కూతురు. నోట్లో నాలుక లేదు. పిల్లవాడు గుక్కపెట్టి ఏడ్చినప్పుడల్లా ఆ అమ్మాయి చటుక్కున వాడి నోటి మీద అరచెయ్యి వేసి, తలుపు వంక చూసేది. "ఏడవనీ అమ్మా, ఏడిస్తే ఏమైంది? ఇది ఆసుపత్రి, సినిమాహాలు కాదు" అని విసుక్కున్నాను. చెయ్యి తీసింది. మళ్ళీ ఏడవగానే మళ్ళీ వేసింది.

బొమ్మలు తెర మీద పెట్టుకుని ఒక్కొక్కటే చూశాను. వెనక వైపు, వెన్నుపూస పక్కన, వరసగా నాలుగు పక్కటెముకలు విరిగి ఉన్నాయి. విరిగినచోట దూదిపింజల్లా కొత్త ఎముక చుట్టుకుని ఉంది. అంటే ఇవి నిన్నా మొన్నా విరిగినవి కావు, కొన్ని వారాల కిందటివి. తొడ ఏమో తాజాది. మోకాలి దగ్గర పెచ్చుతో పాటు రెండో కాలి చీలమండ దగ్గర ఇంకో పెచ్చు. వేర్వేరు రోజుల విరుపులు, వేర్వేరు చోట్ల. పక్కటెముకలు వెనకాల అలా విరగాలంటే ఒకటే మార్గం. పెద్దమనిషి రెండు చేతుల్తో పసివాడి ఛాతీని చుట్టూ పట్టుకుని పిండాలి.

మా పిల్లల డాక్టరు గారే ఆసుపత్రి యజమాని కూడా. ఆయన గదిలోకి బొమ్మలు పట్టుకుని వెళ్ళాను. పెద్దమనిషి, మృదుభాషి, ఆయన నోట "అండి" లేని వాక్యం నేను వినలేదు. బొమ్మలన్నీ చూశారు. మళ్ళీ మొదటినుంచి చూశారు.

"మంచి కుటుంబం అండి మేడం" అన్నారు చివరికి. "కొవ్వూరులో వాళ్ళ బట్టల షాపు తెలియనివాళ్ళు లేరండి. వీడు ఆ ఇంటికి ఒక్కగానొక్క మనవడండి. మగపిల్లాడండి! ఎవరు చేస్తారు చెప్పండి?"

ఇది మన వైపు బాగా పనిచేసే మందు. మంచి కుటుంబం అనగానే అక్కడ ఎముకలు విరగవు. విరిగినా వాటంతటవే విరుగుతాయి. మగపిల్లవాడైతే మరీనూ, వంశాంకురానికి పక్కటెముకలు ఇత్తడితో పోసి పంపిస్తాడు దేవుడు.

"ఎముకలు పెళుసేమో అండి. డి విటమిన్ లోపమేమోనండి. ఒక్కసారి చూద్దామండి" అన్నారు ఆశగా.

ఆ మాట మాత్రం తీసి పారేయదగ్గది కాదు. చూడాల్సిందే, చూడకుండా ఎవరి మీదా వేలెత్తకూడదు. రక్తపరీక్షలు చేయించాం. కాల్షియం, ఫాస్ఫరస్, డి విటమిన్ అన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి. రికెట్స్ అయితే ఎముకల చివర్లు చిరిగిన చాపలా పీచుపీచుగా ఉంటాయి. వీడివి శుభ్రంగా గీత గీసినట్టున్నాయి. పుట్టుకతో వచ్చే పెళుసు జబ్బైతే ఎముకలు పలచబడతాయి, కంటి తెల్లగుడ్డు నీలంగా ఉండొచ్చు, పుర్రెలో అదనపు ముక్కలు కనిపించొచ్చు. వాటిలో ఏదీ లేదు, ఇంటా వంటా అలాంటి జబ్బు కూడా లేదు. నెలలు నిండి పుట్టినవాడు. పిల్లని ఊపేస్తే మెదడుకీ కళ్ళకీ కూడా దెబ్బ తగులుతుంది కనక తలకి స్కానింగ్ తీయించాం, కంటి డాక్టరు గారు కంటిపాప వెనక రక్తం చిమ్మిందేమో చూశారు. రెండూ బాగున్నాయి. ఆ కబురు విని నేను కుర్చీలో వెనక్కి వాలాను.

ఇక చెప్పక తప్పదని కుటుంబాన్ని గదిలోకి పిలిచారు. ముందు అత్తగారు, అంటే పిల్లవాడి నాయనమ్మ, వెనక వాడి తండ్రి, అందరికన్నా వెనక ఆ అమ్మాయి. పిల్లల డాక్టరు గారు గొంతు సవరించుకుని, సవరించుకుని, చివరికి నా వంక చూశారు. నేనే చెప్పాను. ఎముకలు చాలా చోట్ల విరిగాయనీ, జబ్బు ఏమీ లేదనీ, ఎవరో గట్టిగా పట్టుకుని నలిపితేనే ఇలా అవుతుందనీ.

ఒంటికాలి మీద లేస్తారని నేను సిద్ధపడి ఉన్నాను. కానీ అత్తగారి మొహం వెలిగిపోయింది.

"నేను చెప్పలేదురా!" అంది కొడుకుతో. "ఆ జంగారెడ్డిగూడెం ముసల్దేనండీ! వీళ్ళ పుట్టింట్లో నీళ్ళు పోసిందే, అదేనండి. కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి బొంతని ఉతికినట్టు ఉతికేసేదట. రాయండి డాక్టరమ్మ గారూ, కేసు రాయండి! దాన్ని జైల్లో పెట్టించకపోతే నా పేరు మార్చుకుంటాను!"

గది తలుపు తీసే ఉంది. వార్డులో ఉన్నవాళ్ళందరూ విన్నారు.

నీళ్ళు పోసే ఆవిడ మీద నాకు అనుమానం రాలేదని కాదు. మన వైపు పురుటి స్నానం తెలిసినవాళ్ళెవరికైనా వస్తుంది. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, వాటి మీద పిల్లని వేసుకుని, నూనె పట్టించి, కాళ్ళూ చేతులూ అడ్డంగా నిలువుగా లాగి, తల గుండ్రంగా రావాలని నొక్కి, ముక్కు నిలబడాలని సాగదీస్తారు. నా ముక్కు కూడా అలా సాగదీసినదే. ఫలితం చూస్తే ఆ వృత్తి మీద నమ్మకం పోతుంది, అది వేరే సంగతి. అందులో మోటు చెయ్యి ఉంటే దెబ్బ తగలదని నేను ప్రమాణం చేయను. అందుకే అడిగాను.

"ఆవిడ ఆఖరిసారి ఎప్పుడు నీళ్ళు పోసిందండీ?"

"అబ్బో, ఎప్పటి మాట! మూడో నెల రాగానే మేం మంచిరోజు చూసుకుని తెచ్చేసుకున్నాం కదండీ. తొట్టిలో వేసి, ఊరంతా పిలిచి భోజనాలు పెట్టాం. ఈ రెండు నెలల్నించీ పరాయి చెయ్యి తగలనివ్వలేదండి మా వాడి మీద. పనిమనిషిని కూడా ఎత్తుకోనివ్వను. దిష్టి. అంతా మేమే!"

ఆవిడ గర్వంగా చెప్పింది. నేను రాయించుకోవలసిన సాక్ష్యం ఇంత ఉదారంగా ఎవరూ నాకు ఇవ్వలేదు.

"తొడ విరిగి వారం కూడా కాలేదండి" అన్నాను. "చుట్టూ కొత్త ఎముక ఇంకా మొదలే కాలేదు. పక్కటెముకలు కొన్ని వారాల కిందటివి. రెండు నెలల కిందట విరిగి ఉంటే ఈపాటికి మానిపోయి నునుపు తేలేవి. ఇలా కొత్తగా బొడిపె కట్టి ఉండవు. జంగారెడ్డిగూడెంలో ఉన్న ఆవిడ చేతులు కొవ్వూరు దాకా సాగవు కదండీ."

అత్తగారు కొడుకు వంక తిరిగింది. పిల్లవాడి తండ్రి అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్నాడు. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మాట. లేచి నిలబడ్డాడు. "అమ్మా, నువ్వూరుకో. డాక్టరు గారూ, డిశ్చార్జి చేసెయ్యండి. విశాఖపట్నం తీసుకెళ్ళి చూపించుకుంటాం" అన్నాడు.

"వాడి మీద అనుమానమా ఏంటండీ!" అత్తగారు ఇప్పుడు నా మీదకి తిరిగింది. "మా అబ్బాయి చేతిలో పెడితే చాలండి, ఎంత గుక్కపెట్టిన పిల్లాడైనా క్షణంలో నోరు మూస్తాడు. తల్లి దగ్గర ఎంతసేపైనా ఏడుస్తాడు. నాన్న ఎత్తుకున్నాడా, అంతే, గప్‌చుప్! మా వీధి వీధంతా చెప్పుకుంటారు!"

మా పిల్లల డాక్టరు గారి చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ అమ్మాయి నేల చూస్తూ నిలబడి ఉంది. నాకు ఎక్స్‌రే గదిలో ఆమె అరచెయ్యి గుర్తొచ్చింది.

వాళ్ళు వెళ్ళాక నేను పిల్లల డాక్టరు గారితో చెప్పాను. ఇది మెడికో లీగల్ కేసు, పోలీసులకి తెలియపరచాలి, బాలల సంక్షేమ సమితికి కబురు పెట్టాలి, అంతవరకూ పిల్లవాడు గడప దాటకూడదు. ఎవరు చేశారో బొమ్మ చెప్పదు, ఆ పని మనది కాదు, కానీ ఏం జరిగిందో అది చెప్పేసింది. ఆయన నుదురు తుడుచుకున్నారు. మంచి కుటుంబం, ఊళ్ళో మాట, ఆసుపత్రి పేరు, రేపు షాపు వాళ్ళందరూ వచ్చి నిలబడితే, అని వరసగా చెప్పుకుంటూ పోయారు. ఇంకొంచెం ఉంటే తన పక్కటెముకల గురించి కూడా చెప్పేవారు.

ఉన్నట్టుండి ఆయన మొహం విప్పారింది. "అయినా మేడం, కేసు రాయమని వాళ్ళే కదండీ అడిగారు! వార్డంతా విన్నారండి!"

చూశారా ధైర్యం ఎలా వస్తుందో. నా ఇరవై బొమ్మలూ, రక్తపరీక్షలూ, నా వాదనా ఆయన్ని అంగుళం కదపలేదు. అత్తగారి అరుపు కదిపింది. ఆ ఊపు చల్లారకముందే సంతకం పెట్టించాను. నా రిపోర్టులో ప్రతి విరుపూ, దాని వయసూ, ఇవి చెప్పిన కథతో కుదరవన్న మాటా రాశాను. చివరి కవచం ముక్క రాయలేదు. దేనితో సరిపోల్చుకోమంటాను, ఉయ్యాల తాడుతోనా?

తండ్రి మధ్యాహ్నమే పిల్లవాడిని ఎత్తుకుపోవడానికి వార్డుకి వచ్చాడు. గుమ్మంలో కానిస్టేబులు ఉన్నాడు. ఆ కానిస్టేబులు కూడా, "మంచి కుటుంబం అంట కదండీ" అని నన్నే అడిగాడు. పిల్లవాడి కాలికి పట్టీల కట్టు వేసి, తల్లిని మాత్రం దగ్గర ఉంచాం. సమితి నుంచి వచ్చిన ఆవిడ రోజూ వచ్చి తల్లి పక్కన కూర్చునేది. తల్లి పడ్డాడనేది, లేదంటే ఏమీ తెలియదనేది. తండ్రి తరఫు వాళ్ళు ఒక వకీలుని తెచ్చారు. తల్లి నోరు విప్పకపోతే రెండో సర్వే కూడా అయ్యాక బిడ్డని ఆ ఇంటికే పంపవలసి వస్తుందేమోనని సమితి ఆవిడ నాతో అంది. ఆ మాట విని నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక, టెక్నీషియన్ మీద మండిపడ్డాను.

ఇలాంటి పిల్లలకి రెండు వారాలకి మళ్ళీ సర్వే చేస్తాం. మొదటిరోజుకే విరిగి ఉన్నా గీత కూడా కనిపించని ఎముకలు అప్పటికి మానుతూ బొడిపె కట్టి బయటపడతాయి. తలకి మాత్రం మళ్ళీ తీయనక్కర్లేదు. ఈసారి టెక్నీషియన్ నా కన్నా ముందే ప్లేట్లు విడివిడిగా సర్దుకున్నాడు. ఛాతీ బొమ్మల్లో ఇంకో రెండు పక్కటెముకలు బయటపడ్డాయి, మొదటిరోజు మాకు కనిపించనివి. అన్నీ మానుతున్నాయి. వార్డులో ఉన్న ఈ రోజుల్లో కొత్తగా విరిగింది ఒక్కటీ లేదు. ఆ సంగతి తల్లికి అక్కడే చెప్పాను. "ఇక్కడికి వచ్చాక ఒక్కటీ విరగలేదమ్మా" అన్నాను.

చేతుల బొమ్మ తీస్తుంటే పిల్లవాడు గుక్కపెట్టాడు. గది దద్దరిల్లిపోయేలా ఏడ్చాడు. తల్లి చెయ్యి అలవాటుగా వాడి నోటి మీదకి వెళ్ళింది. మధ్యలో ఆగింది. టెక్నీషియన్ తన తాళంచెవుల గుత్తి గలగలలాడిస్తూ "ఏడవకూడదు నాన్నా, ఏడవకూడదు" అంటున్నాడు.

"ఏడవనివ్వండి" అంది ఆ అమ్మాయి.

ఆమె గొంతు సరిగ్గా వినడం నాకు అదే మొదటిసారి.

"ఏడవనివ్వండి. ఇక్కడ ఏడిస్తే ఆయన రారు." బల్ల మీద ఉన్న చిన్న దిండు తీసుకుని, రెండు చేతుల్తో చుట్టూ పట్టుకుని, బొటనవేళ్ళు ముందుకీ మిగతా వేళ్ళు వెనక్కీ పెట్టి, ఆయన ఎలా పట్టుకుంటారో నాకు చూపించింది. వాడు ఊపిరి అందక ఊరుకునేదాకా అలాగే పట్టుకుంటారని చెప్పింది. కాలు పట్టుకుని ఎలా గుంజారో కూడా చెప్పింది. వేళ్ళు తెల్లబడేలా నొక్కింది దిండుని. "సమితి ఆవిడని పిలవండి మేడం గారూ. చెబుతాను. మా నాన్నగారి ఇంటికి వెళ్ళిపోతాం" అంది.

నేను ఫోన్ కోసం తలుపు తీశాను. వెనక పిల్లవాడు ఏడుస్తూనే ఉన్నాడు, ఎవరూ ఆపడం లేదు. వాడు కాళ్ళూ చేతులూ ఆడించడంతో ఆ బొమ్మ మొత్తం కదిలిపోయిందని టెక్నీషియన్ చెప్పాడు. ఫరవాలేదు, వాడి ఏడుపు అయ్యాక మళ్ళీ తీద్దామన్నాను.